మామ్మ పటం: అద్దానికి అంటుకున్న ఫొటోతో ఏడు వారాలు

మే 12, 2024, ఆదివారం

సోంపేట దగ్గర మా ఊరి ఇంటికి వెళ్లి, బీరువా వెనక గోడకు ఆనించి ఉన్న మామ్మ పటాన్ని ఈ రోజు బయటకు తీశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి, పెరట్లోని కొబ్బరిచెట్లు ఒక్కటి మిగలకుండా పడిపోయాయి. గోడ మీదున్న ఈ పటం రెండు రోజులు వాననీటిలో నానింది. మామ్మ పోయి అప్పటికి మూడేళ్లు. నీరు ఆరిన తర్వాత ఎవరూ దాన్ని తిరిగి గోడకు తగిలించలేదు, పారేయడానికీ చేతులు రాలేదు.

పటం 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. చిన్న ఫొటోను స్టూడియోలో పెద్దది చేయించి, టచింగ్ చేయించి, నుదుటి బొట్టుకూ చీర అంచుకూ రంగు వేయించిన బ్రోమైడ్ ఫొటో అది. ఇప్పుడు దాని పరిస్థితి ఇది: అడుగు భాగమంతా టీ ఒలికినట్టు గోధుమరంగు మరక, చెంప మీద రూపాయి బిళ్లంత మేర బూజు తినేసిన మచ్చ, జుట్టు నల్లగా ఉన్నచోట ఏటవాలుగా చూస్తే నీలివెండి మెరుపు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఫొటో అద్దానికి అంటుకుపోయింది. పై కుడి మూలలో చెవి, భుజం ఉండవలసినచోట తెల్ల కాగితం కనిపిస్తోంది. ఎందుకో చిన్నాన్నను అడిగితే తెలిసింది.

“నానే పీకినానురా. ఊడి వొచ్చీసిద్దనుకున్నాను. బొమ్మ అద్దానికే ఉండిపోనాది, కాగితం నా సేతికొచ్చీసినాది.”

ఆయన తప్పేమీ లేదు. ఎవరైనా మొదట చేసే పని అదే. బ్రోమైడ్ కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ పొర. తడిస్తే అది ఉబ్బి జిగురవుతుంది, ఆరేటప్పుడు ఎదురుగా ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది. కాగితాన్ని పట్టుకున్న దానికంటే నున్నటి అద్దాన్ని గట్టిగా పట్టుకుంటుంది కనుక లాగినప్పుడు ఓడిపోయేది కాగితమే. ఆ మూల దగ్గర ఆయన ఆగిపోవడం మా అదృష్టం.

మే 13, సోమవారం

పటాన్ని అద్దం కిందికి ఉండేలా ఒళ్లో పడుకోబెట్టుకుని బస్సులో శ్రీకాకుళం తెచ్చాను. అలా పెడితే బరువు అద్దం మీద పడుతుంది, ఇంకా అంటుకోని భాగాలు వేలాడి చిరగవు. పక్కన కూర్చున్న ఆయన అది దేవుడి పటమనుకుని సోంపేట నుంచి టెక్కలి దాకా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

సాయంత్రం మేడ మీద, ముక్కుకు మాస్కు కట్టుకుని, వెనకవైపు తెరిచాను. తుప్పు పట్టిన మేకులను పట్టకారుతో పైకి లాగితే చెక్క చీలుతోంది కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పక్కకు వంచి వదిలేశాను. లోపల ఉన్నది మామూలు అట్ట. ఎన్నేళ్లుగానో పులుపెక్కి, చేత్తో ముట్టుకుంటే పిండిలా రాలుతోంది. ముందువైపు గోధుమరంగు మరక ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని చూస్తే అర్థమైంది; వాననీరు ఆ అట్టలోని రంగునంతా పిండుకుని కాగితంలోకి దించింది. అట్ట తీసేసి, ఫొటో వెనక పొడిబూజును మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపాను. తడిగుడ్డ వాడలేదు.

మే 19, ఆదివారం

ఈ వారమంతా ఒకే ప్రశ్న: నీళ్లలో నానబెట్టి అద్దం నుంచి విడదీయాలా, వద్దా? నానబెడితే జెలటిన్ మళ్లీ మెత్తబడి విడివడుతుందన్న మాట నిజమే, రంగులు వేయని ఫొటోల విషయంలో నిపుణులు అలా చేస్తారు కూడా. కానీ ఈ పటానికి రెండు అడ్డంకులున్నాయి. బొట్టు రంగూ అంచు రంగూ జెలటిన్ పైపైన చేత్తో వేసినవి; నీటిలో ఉంటాయో కరుగుతాయో ముందు చెప్పలేము. రెండోది బూజు. అది జెలటిన్‌ను తిని వదిలిన చోట మిగిలిన పొరకు పట్టు ఉండదు, నీరు తగలగానే జారిపోతుంది. మా పటంలో ఆ మచ్చ సరిగ్గా చెంప మీద ఉంది.

అందువల్ల విడదీయడం లేదని నిర్ణయించుకున్నాను. అసలు పటం అద్దంతో సహా అలాగే ఉంటుంది. అద్దం మీదుగానే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, మరమ్మతు అంతా ఆ నకలు మీద చేస్తాను.

మే 21, మంగళవారం

ఆఫీసు స్కానరులో ప్రయత్నించి ఓడిపోయాను. ప్రింటరుతో కలిసి వచ్చే సన్నటి స్కానర్లలో చాలా వాటికి, తమ గాజుకు ఆనుకుని ఉన్న వస్తువే స్పష్టంగా కనబడుతుంది. కాస్త పైకి లేస్తే మసక. పటం అద్దం మందం 2 మిల్లీమీటర్లు, అంటే ఫొటో అంత ఎత్తున ఉంటుంది. తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక స్టీలు స్కేలును మొదట స్కానరు గాజు మీదే పెట్టి, తర్వాత అదే మందమున్న అద్దం ముక్క మీద పెట్టి చూశాను. మొదటిసారి గీతలు కత్తిరించినట్టు వచ్చాయి, రెండోసారి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఫొటోలోనే మసక ఉందనుకుని దాన్ని పదును పెట్టుకుంటూ కూర్చుంటే నెలంతా వృథా అయ్యేది.

మే 26, ఆదివారం

స్నేహితుడి దగ్గర 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు తెచ్చుకున్నాను. పటాన్ని నేల మీద పడుకోబెట్టి, కెమెరాను పై నుంచి కిందికి చూసేలా బిగించాను. కెమెరా సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో చూడటానికి ఒక పాత ఉపాయం ఉంది: పటం మధ్యలో చిన్న చేతి అద్దం పెట్టి కెమెరాలోంచి చూడాలి. లెన్సు ప్రతిబింబం తెర నడిమధ్యన కనబడేదాకా స్టాండును సర్దితే చాలు, మట్టపు బద్ద అవసరం లేదు.

అద్దంలో ప్రతిబింబాలు పెద్ద తలనొప్పి. రాత్రి గది దీపాలన్నీ ఆర్పి, పటానికి రెండు పక్కలా 45 డిగ్రీల ఏటవాలులో రెండు ఒకే రకం బల్బులు పెట్టాను. అయినా కెమెరా, నా చేతులు అద్దంలో కనిపించాయి. చివరికి మా ఆవిడ నల్ల చున్నీకి లెన్సు పట్టేంత కన్నం పెట్టి కెమెరా ముందు పరదాలా కట్టాక అద్దంలో నలుపు తప్ప ఏమీ మిగల్లేదు. చున్నీ విషయంలో జరిగిన సంభాషణ ఈ డైరీకి సంబంధించినది కాదు. లెన్సు రంధ్రం ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమరు. అంగుళానికి సుమారు 300 పిక్సెళ్లు వచ్చాయి, అదే కొలతలో మళ్లీ అచ్చు వేయడానికి అవి సరిపోతాయి.

పడుకునే ముందు ఇంకొక ఫొటో తీశాను. ఒక బల్బు ఆర్పేసి, రెండోదాన్ని దాదాపు నేలకు ఆనించి, వెలుతురు పటం మీదుగా పాకేలా పెట్టాను. ఫొటో అద్దానికి ఎక్కడ అంటింది, ఎక్కడ లేచి ఉంది అన్నది ఆ వెలుతురులో చెరువూ గట్టూ విడివిడిగా కనిపించినట్టు కనిపించింది. జుట్టులో ఎడమ సగం, నుదురు మొత్తం, మెడ అంటుకున్నాయి. జుట్టులో మిగతా సగం, చెంపలు, చీర చాలావరకు విడిగా ఉన్నాయి. మరమ్మతుకు ఇదే నా పటం, అంటే భూపటం.

జూన్ 2, ఆదివారం

కంప్యూటర్లో ఫొటోలు సరిచేసే గింప్ అనే ప్రోగ్రాంలో పని మొదలుపెట్టాను. మొదటి ఫైలును `mamma_original.tif` అని దాచి, దాన్ని ఇక ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను.

గోధుమరంగు మరకను తుడవడానికి బ్రష్షు పట్టనవసరం లేదని ముందే చదివి ఉన్నాను, కానీ కళ్లతో చూస్తే ఆశ్చర్యంగానే ఉంది. కెమెరా ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలు రాస్తుంది. గోధుమరంగు మరక నీలపు వెలుతురును ఎక్కువగా మింగుతుంది, ఎరుపును దాదాపు వదిలేస్తుంది. కాబట్టి నీలం భాగాన్ని మాత్రమే చూస్తే మరక తారు పూసినట్టు ఉంటుంది. ఎరుపు భాగాన్ని మాత్రమే చూస్తే నీటిమరకంత పలచగా మిగులుతుంది. అసలు బొమ్మ నలుపు తెలుపే కనుక మనకు ఒక్క భాగం చాలు. `Colors > Components > Extract Component...` తెరిచి, `RGB Red` ఎంచుకున్నాను. ఆరేళ్ల మరకలో ముప్పాతిక వంతు ఒక్క క్షణంలో పోయింది. జుట్టు మీద నీలివెండి మెరుపు కూడా బాగా తగ్గింది, ఆ మెరుపులో ఎరుపు తక్కువ కనుక.

మామ్మ బొట్టు కూడా పోయింది.

అందులో వింత లేదని నిమిషం తర్వాత తట్టింది. ఎర్రరంగు ఎరుపు భాగంలో తెల్లగానే కనబడుతుంది. టచింగ్ చేసే ఆయన వేసిన రంగు పలచటి గాజులాంటిది, దాని కింద ఉన్న వెండి బొమ్మను అది కప్పదు. ఎరుపు భాగంలో చూడటమంటే ఆ రంగును ఎత్తి పక్కన పెట్టి కిందిది చూడటమే. అయితే ఫొటో దించినప్పుడు మామ్మ నుదుట నిజంగా కుంకుమ ఉండి ఉంటే, రంగు కింద కొద్దిగానైనా ముదురు గుండ్రం ఉండాలి. 400 శాతం పెద్దది చేసి చూశాను. నుదుటి గీతలు రెండూ అడ్డంగా, ఎక్కడా తెగకుండా, బొట్టు ఉండవలసిన చోటు గుండా సాగిపోయాయి. అక్కడ ఏమీ లేదు.

జూన్ 4, మంగళవారం

అత్తకు ఫోన్ చేశాను. మా నాన్న లేరు కాబట్టి ఈ పటం సంగతి తెలిసినవాళ్లు ఆమె ఒక్కరే. మందసలో ఉంటారు.

“అప్పటికి బొట్టు ఎక్కడిదిరా అమ్మకి? మా నాన పోయి రెండేళ్లయిపోనాది. అది బేంకు పుస్తకానికి దించిన చిన్న ఫొటో. అన్నయ్య దాన్ని పట్టుకెల్లి పెద్దది సేయించి, బొట్టు ఎట్టించీసినాడు. నాకూ సెప్పలేదు.”

“మామ్మ చూసి ఏమందత్తా?”

“ఏటీ అన్లేదు. కొన్నాళ్లు ఆ గదిలోకే ఎల్లలేదు. తరవాత తరవాత, పొద్దున్నే కొంగుతో అద్దం తుడిసీది.”

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పటంలో బొట్టు ఉంది, ఎదురుగా తిరిగే మామ్మ నుదుట లేదు. ఈ తేడాను నేను ఒక్కసారి కూడా గమనించలేదన్నది ఇంకా మింగుడుపడటం లేదు.

జూన్ 9, ఆదివారం

బొట్టు సంగతి పక్కనపెట్టి, అంటుకున్న భాగాల తేడా సరిచేశాను. ఫొటో అద్దానికి గట్టిగా పట్టుకున్నచోట తడిగుడ్డలా ముదురుగా, నిండుగా కనబడుతుంది. మధ్యలో గాలిపొర ఉన్నచోట వెలుతురు ఆ పొర అంచుల మీద చెదిరి పలచటి తెల్ల తెరలా పరుచుకుంటుంది. అందుకే మామ్మ జుట్టు సగం నలుపు, సగం బూడిదలా ఉంది.

మొదట లేచి ఉన్న భాగాన్ని ఊరికే ముదురు చేసి చూశాను. జుట్టు సరిపోయింది, చర్మం మాత్రం మసిబారింది. కారణం తెలియాలంటే సంఖ్యలు చూడాలి. విలువలు 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే, జుట్టు అంటుకున్నచోట 22, లేచినచోట 46 ఉంది. చర్మంలో చూస్తే అంటుకున్న నుదుటి అంచు 170, దాని పక్కనే లేచిన కణత 178. తెర ఒకటే అయినా చీకట్లో దాని పెత్తనం ఎక్కువ, వెలుగులో తక్కువ. అందువల్ల `Colors > Curves...`లో రెండు చుక్కలు పెట్టాను: 46ను 22కు దించేది ఒకటి, 178ని 170కి దించేది ఇంకొకటి. పాకే వెలుతురులో తీసిన ఫొటోను పైన పరిచి, మార్పు ఏ భాగానికి తగలాలో, ఏ భాగానికి తగలకూడదో చెప్పే మాస్కును గట్టు వెంబడి గీసి, ఆ వంపును లేచిన భాగానికే వర్తింపజేశాను. హద్దు దగ్గర మాస్కును 12 పిక్సెళ్ల మేర మెత్తగా చేసేదాకా జుట్టులో ఒక పాపిడి గీత ఎక్కువగా కనబడుతూనే ఉంది.

జూన్ 16, ఆదివారం

చెంప. ఈ ఒక్క రూపాయి బిళ్లంత చోటుకు నాలుగు సాయంత్రాలు పట్టింది. `Heal` పనిముట్టు చుట్టుపక్కల వెలుగును కలుపుకుంటూ అతుకు వేస్తుంది కనుక చదునైన చర్మం మీద బాగా పనిచేస్తుంది. కానీ జుట్టు అంచుకు దగ్గరగా వాడితే ఆ నలుపును లోపలికి లాక్కొచ్చి కాటుక చెరిగినట్టు చేస్తుంది. అక్కడ `Clone` మేలు. అది ఉన్నదాన్ని ఉన్నట్టే తెచ్చి పెడుతుంది. అతుకుకు కావలసిన చర్మాన్ని అదే చెంప కింది భాగం నుంచి తీసుకున్నాను. రెండో చెంపను తిప్పి అతికించడం తేలికే కాని, వెలుతురు ఎడమ నుంచి పడింది. తిప్పితే నీడ తప్పుడు వైపు వస్తుంది, మనిషి మారిపోతుంది.

ఒకే చోటు నుంచి పదేపదే తెస్తే చర్మపు రంధ్రాలు కవలల్లా పక్కపక్కన కనబడతాయి. చేసినవాడి కళ్లకు అవి ఆనవు. `View > Flip & Rotate > Flip Horizontally`తో బొమ్మను అద్దంలోలా తిప్పి చూసినప్పుడు అలాంటి జంటలు మూడు దొరికాయి. మూడింటినీ చెరిపి మళ్లీ చేశాను.

జూన్ 20, గురువారం

చిరిగిన మూల. అక్కడ చెవి ఉండాలి. మామ్మ ఉన్న ఇంకొక ఫొటో అత్త పెళ్లిది మాత్రమే, అందులో తల మరోవైపు తిరిగి ఉంది. ఎవరి చెవో తెచ్చి అతికిస్తే చూసేవాళ్లకు తెలియదు, నాకు తెలుస్తుంది. ఆ మూలను చుట్టూ ఉన్న బూడిదరంగుతో నింపి, జుట్టు అంచును కనబడినంత వరకే ఉంచి వదిలేశాను. ఆరడుగుల దూరం నుంచి నీడలా ఉంటుంది, దగ్గరికి వస్తే ఖాళీ అని తెలుస్తుంది. చిన్నాన్న ఫోన్లో బొమ్మ చూసి, “ఆ సెవి నానే పోగొట్టీసినాన్రా,” అని చాలాసేపు మాట్లాడలేదు.

జూన్ 23, ఆదివారం

బొట్టును తిరిగి పెట్టడం పనిగా చూస్తే పది నిమిషాలది. మరమ్మతు చేసిన నలుపు తెలుపు బొమ్మ మీద మొదటి రంగుల బొమ్మను పరిచి, నల్ల మాస్కుతో అంతా కప్పి, బొట్టు దగ్గర, చీర అంచు దగ్గర మాత్రం తెల్ల బ్రష్షుతో తెరిస్తే చాలు. నుదుటి మీద మరక లేదు కాబట్టి రంగు శుభ్రంగానే వస్తుంది. తెరిచాను. మూశాను. మళ్లీ తెరిచాను. పెట్టించిన నాన్నను గానీ, ఏమీ అనని మామ్మను గానీ ఇప్పుడు అడగడానికి లేదు.

అత్తకు రెండు రకాలూ పంపి, ఏది అచ్చు వేయించమంటారని అడిగాను. ఆమె జవాబు ఒక్క మాట: “రెండూ.”

జూన్ 30, ఆదివారం

విశాఖపట్నంలో మెరుపు లేని మందపాటి కాగితం మీద, పిగ్మెంటు సిరాతో రెండు కాపీలు వేయించాను. ఈసారి పటం కట్టే ఆయనకు రెండు షరతులు పెట్టాను. ఫొటోకూ అద్దానికీ నడుమ కిటికీలా కోసిన ఆమ్లం లేని అట్ట ఉండాలి, మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఫొటో అద్దానికి తగలకూడదు. వెనక ఫ్రేము నాలుగు మూలలా కార్కు ముక్కలు అంటించాలి, గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, వానాకాలం గోడ చెమ్మ నేరుగా ఎక్కదు. మూడు మిల్లీమీటర్లు దండగని ఆయన వాదించాడు. పాత పటం ఫొటో చూపిస్తే ఊరుకున్నాడు.

అసలు పటాన్ని అద్దంతో సహా కొత్త అట్టపెట్టెలో, ఫొటో పైకీ అద్దం కిందికీ ఉండేలా పడుకోబెట్టి, శ్రీకాకుళంలో మా బీరువా నడిమి అరలో పెట్టాను. నవంబరులో ఒకసారి తెరిచి బూజు చూడాలి.

ఈ రోజు మధ్యాహ్నం ఊళ్లో, సముద్రం వైపు గోడ వదిలేసి లోపలి గోడకు కొత్త పటం తగిలించాం. బొట్టు ఉన్నది. చిన్నాన్న మేకు కొట్టారు. అత్త కాసేపు నిలబడి చూసి, అద్దం మీద నా వేలిముద్ర ఒకటి కనిపిస్తే కొంగుతో తుడిచారు. రెండోదాన్ని పాత దుప్పటిలో చుట్టించుకుని, సాయంత్రం బస్సుకు మందస తీసుకెళ్లిపోయారు.